చిక్‌పేట చీరల కొట్టు నాయన "వర్కింగ్ క్యాపిటల్"ని ఏమంటాడు?

సుజాత: కథ రాస్తున్నాను. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ కొట్టు పెట్టుకున్న కుటుంబం. కొడుకు బీకామ్ అయిపోయి కొట్లో కూర్చున్నాడు. ఈ ముక్కలో ఖాళీ వదిలిన చోట ఏ మాట పెట్టాలో తోచడం లేదు.

"లెక్కలో ఈ ఏడు ఆరు లక్షలు లాభం కనిపిస్తాంది నాయనా. మరి సూరత్ వాళ్లకి కట్టేకి డబ్బుల్లేవంటావేం?"

"ఉండాయి. కొన్ని ఆ పై అరలో, కొన్ని ఈ ఖాతా పుస్తకంలో."

కొడుకు అర వైపు చూశాడు.

"ఈ రోజు దిగిన చీర లెక్క చూడు. సూరత్ వాళ్లకి 45 రోజుల్లో కట్టాల. చీర కొట్లోంచి కదిలేకి మూడు నెలలు. అనంతపురం షాపాయన బిల్లు పట్టుకుపోయి ఇంకో మూడు నెలలకి ఇస్తాడు. నడుమ 135 రోజులు ఎవరి డబ్బురా?"

"మనదే."

"మనదే, లేకుంటే బ్యాంకుది. నెలకి 4 లక్షల సరుకు తెస్తాం. నాలుగున్నర నెలలకి ఎంత?"

"18 లక్షలు."

"దాన్నేరా ______ అనేది."

రమణ: "పెట్టుబడి" చాలు కదండీ. ఎవరికైనా అర్థమవుతుంది. అయినా ఆ నాయన సమస్య చిన్నదే, అమ్మకాలు పెంచుకుంటే డబ్బు అదే తిరుగుతుంది.

భాస్కరరావు: పెట్టుబడిలో కొట్టు అడ్వాన్సు, అల్మారాలు కూడా కలిసిపోతాయి రమణ గారూ. అవి తిరగవు. ఇక అమ్మకాలు పెంచడమంటారా, ఇవే గడువులతో నెలకి 4 లక్షలకు బదులు 6 లక్షల సరుకు తెస్తే 18 కాస్తా 27 అవుతుంది. ఆ అదనపు 9 లక్షలు పెరిగిన లాభం చేతికి రాకముందే కావాలి. బాగా నడుస్తున్న కొట్టు సూరత్ వాళ్లకి ఇచ్చిన చెక్కు ఉన్నట్టుండి బౌన్సయ్యేది ఇలాగే. బ్యాంకులో పాతికేళ్లు, వ్యాపారులకి సరుకు, బాకీల మీద అప్పిచ్చే సీసీ ఖాతాలు చూశాను, అందుకే చెబుతున్నా.

నాగమణి: మా చిన్నాన్నది చెన్నై పెరంబూరులో కిరాణా కొట్టు. ఆయనకి ఈ గొడవే లేదు. సరుకు వారంలో అయిపోతుంది, కంపెనీ వాళ్లకి కట్టేది రెండు వారాలకి. గల్లాలో ఎప్పుడూ డబ్బే! సుజాత గారి నాయన కూడా అరువు మానేస్తే సరి.

భాస్కరరావు: మీ చిన్నాన్న వాడుకునేది కంపెనీ వాళ్ల డబ్బు. ఇల్లు కట్టుకోవడానికి తీయనంతవరకు భలే వ్యాపారం. హోల్‌సేల్‌లో అరువు మానేస్తే అనంతపురం షాపాయన పక్క కొట్టుకి పోతాడు.

సుజాత గారూ, మీ లెక్క తప్పు కాదు కానీ నున్నగా ఉంది. మూడు నెలలు సగటు మాత్రమే. నచ్చిన డిజైన్లు ఆరు వారాల్లో పోతాయి, నచ్చనివి రెండేళ్లు కూర్చుంటాయి. 12 లక్షల నిలవలో అలాంటివి 2 లక్షలుంటే, పుస్తకంలో కొన్న ధరే రాసుంటుంది. ఈ రోజు బయట లక్షా ఇరవై కూడా రాకపోవచ్చు. కొన్న ధర, వచ్చే ధరల్లో ఏది తక్కువైతే అది రాయాలి. రాయరు. రాస్తే లాభం తగ్గుతుందని భయం.

బాకీలూ అంతే. అమ్మకం నెలకి 5 లక్షలైతే మూడు నెలల బాకీ 15 లక్షలు. అందులో 5 లక్షలు 90 రోజులు దాటాయనుకోండి, మామూలుగా బ్యాంకు వాటిని లెక్కలోకి తీసుకోదు. మిగిలిన 10లో పావు వంతు కోసి ఏడున్నర అంటుంది. 12 లక్షల సరుకులో సూరత్‌కి కట్టాల్సిన 6 తీసేసి, మిగతా దాంట్లోనూ పావు కోసి నాలుగున్నర. మొత్తం మీద బ్యాంకు ఇచ్చేది 12 లక్షలు. ఈ కోత బ్యాంకును బట్టి మారుతుంది. కావాల్సిన 18లో మిగతా 6 లక్షలు నాయన జేబులోంచి రావాల్సిందే. కొడుకు బిల్లులన్నీ తీసి నెల లోపువి, మూడు నెలల లోపువి, దాటినవి అని కట్టలు కడితే కథ ఇంకా బాగుంటుంది. మూడో కట్ట లావవుతుంటే అమ్మకాలు పెరిగినా సంతోషించకూడదు.

యాదగిరి: మా దిక్కు అరువును ఉద్దెర అంటం. ఆ ఖాళీల మటుకు "రొటేషన్" పెట్టండి. కొట్లో కూసున్నోడు ఎవడూ "నిర్వహణ మూలధనం" అనడు.

రమణ: రొటేషన్ ఇంగ్లీషు కదా. "తిరిగే డబ్బు" అంటే?

భాస్కరరావు: తిరగడం లేదనే కదా ఆయన బాధ!

సుజాత: 😀 "రొటేషన్ డబ్బు" అని పెట్టి చూశాను, నాయన నోట్లో పలుకుతోంది. కొడుకు నోట్లో మాత్రం పాఠం పుస్తకం మాటే ఉంచాలనుకుంటున్నా. భాస్కరరావు గారూ, ఆ 2 లక్షల పాత చీరలు లక్షకి అమ్మేద్దామని కొడుకు అంటాడు, నాయన ససేమిరా అంటాడు. ఎవరిది రైటు?

భాస్కరరావు: ఆ లక్షతో ఏం కొంటాడో చెప్పండి, అప్పుడు చెబుతాను.