జొన్న రొట్టె, నాటుకోడి కూర ఫొటోలో నల్లగా వస్తోంది. కొత్త హోటల్‌కు ఫోన్‌తో ఎట్ల తీయాలి, ఎక్కడ పెట్టాలి?

రొట్టెలపొయ్యి (నల్లగొండ)
దేవరకొండ రోడ్డు మీద ఒక మడిగె అద్దెకు తీసుకొని ఈమధ్యే హోటల్ మొదలుపెట్టాం. జొన్న రొట్టె, నాటుకోడి కూర, తలకాయ కూర, బోటి, పచ్చిపులుసు. తిన్నవాళ్లు మళ్లీ వస్తున్నారు, కానీ కొత్తవాళ్లు చాలా తక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాం, గూగుల్ మ్యాప్స్‌లో కూడా పెట్టాం. ఫొటోలే మంచిగా రావట్లేదు. కూర ఫొటోలో నల్లటి ముద్దలా ఉంటుంది, స్టీలు గిన్నె మాత్రం తళతళ మెరుస్తుంది. కెమెరా కొనే స్థోమత లేదు, మామూలు ఫోనే. లోపల రెండు ట్యూబ్‌లైట్లు ఉన్నాయి, కిటికీ లేదు, ముందు షట్టర్ ఒక్కటే. ఏం చేయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సాగర్ రోడ్డు తమ్ముడు
అన్నా, ఫొటో ఎట్లున్నా ఫరవాలేదు. ఫిల్టర్ పెట్టి ఎరుపు పెంచితే కూర నోరూరేలా అవుతుంది. రోజూ ఒక రీల్ వేయండి, ట్రెండింగ్ పాట పెట్టండి. మా ఫ్రెండ్ జ్యూస్ సెంటర్ రీల్‌కు వ్యూస్ బాగా వచ్చాయి. వ్యూస్ వస్తే జనం వాళ్లే వస్తారు.

పాలమూరు కెమెరా
నేను మహబూబ్‌నగర్‌లో పెళ్లి ఫొటోలు తీస్తాను, నాలుగైదు హోటళ్లకు కూడా తీశాను. రొట్టెలపొయ్యి అన్నా, మీకు ఫోన్ సమస్య లేదు, వెలుతురు సమస్య. షట్టర్ ఉంది కదా, అదే మీ కిటికీ.

ముందుగా లోపలి ట్యూబ్‌లైట్లు ఆపండి. బయటి వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైట్ ఇంకో రంగు. రెండూ కలిస్తే కూర మీద ఒక పక్క పచ్చగా, ఒక పక్క నీలంగా పడుతుంది, ఏ ఫిల్టర్‌తోనూ అది పోదు. షట్టర్ పూర్తిగా ఎత్తి, ఎండ నేరుగా పడే గీతకు కొంచెం లోపల టేబుల్ వేయండి. ఎండ పడకూడదు, వెలుతురు పడాలి. షట్టర్ తూర్పు ముఖమైతే పొద్దు కాస్త పైకి వచ్చాక తీయండి, పడమర ముఖమైతే మధ్యాహ్నం లోపే తీయండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. వెలుతురు బాగుంటుందని షట్టర్‌కు వీపు పెట్టి నిలబడి తీస్తారు. అప్పుడు మీ నీడ పళ్లెం మీద పడుతుంది, కూర చప్పగా ఒక అట్టలా కనిపిస్తుంది. మీరు పక్కకు తిరగండి. వెలుతురు పళ్లేనికి ఒక పక్క నుంచో, పళ్లెం వెనక నుంచో రావాలి. అప్పుడే కూర మీది నూనె తేలిన మెరుపు, ముక్క గరుకు, రొట్టె మీది కాలిన మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి. రెండో పక్క మరీ చీకటైతే అటువైపు ఒక తెల్ల థర్మోకోల్ ముక్క నిలబెట్టండి. స్టేషనరీ షాపులో దొరికే తెల్ల చార్ట్ అయినా చాలు.

కూర నల్లగా రావడానికి కారణం మీరే చెప్పారు, స్టీలు గిన్నె. స్టీలు మీద మెరుపు చూసి ఫోన్ మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. తెర మీద కూర ఉన్నచోట వేలు పెట్టి నొక్కండి. వెలుగు పెంచే గుర్తు వస్తుంది, దాన్ని కొద్దిగా పైకి జరపండి. ఫ్లాష్ అసలే వద్దు. తీసే ముందు లెన్స్‌ను శుభ్రమైన గుడ్డతో తుడవండి. వంటింట్లో తిరిగే ఫోన్ మీద నూనె జిడ్డు ఉంటుంది, ఫొటో మసకగా రావడానికి సగం కారణం అదే.

సాగర్ రోడ్డు తమ్ముడు
ఫిల్టర్ వద్దంటే ఎట్ల అన్నా? అందరూ పెడుతున్నారు కదా.

పాలమూరు కెమెరా
తమ్ముడూ, వెలుగు కొద్దిగా పెంచుకోవడం వేరు, ఎరుపు పెంచడం వేరు. ఎరుపు పెంచితే నాటుకోడి కూర రంగు వేసినట్టు కనిపిస్తుంది, చూసినవాళ్లు ఫుడ్ కలర్ కలిపారనుకుంటారు. దీనికి ఒక గుర్తు చెబుతాను. పళ్లెంలో ఉల్లిగడ్డ ముక్క ఎట్లాగూ పెడతారు. ఫొటోలో ఆ ఉల్లిగడ్డ తెల్లగా ఉంటే కూర రంగు కూడా సరైనదే. ఉల్లిగడ్డ పచ్చగానో ఎర్రగానో ఉంటే, పైన కట్టిన టార్పాలిన్ నీడో, పక్కనున్న ఫ్లెక్సీ రంగో పడుతోందని అర్థం. టేబుల్ జరపండి.

ఊరికొచ్చేవాడు (హైదరాబాద్)
నేను తినేవాడి వైపు నుంచి చెబుతాను. మాది నల్లగొండే, హైదరాబాద్‌లో ఉద్యోగం, శనివారం ఊరికి వస్తాను. వస్తూ దారిలో మ్యాప్స్ తెరిచి వెతుకుతాను. నేను చూసేది మూడే: తెరిచి ఉందా, పళ్లెంలో ఏమేం వస్తాయి, ధర ఎంత. చాలా హోటళ్లకు మెనూ ఫొటో కూడా ఉండదు, ఫోన్ చేస్తే ఎత్తరు.

ఇంకో మాట. ఒకచోట ఫొటోలో మట్టి మూకుడు, మోదుగ విస్తరి చూసి వెళ్లాను. వడ్డించింది ప్లాస్టిక్ ప్లేటులో, ముక్కలు నాలుగు. కూర బాగానే ఉంది, కానీ మళ్లీ వెళ్లాలనిపించలేదు. మీరు దేంట్లో వడ్డిస్తారో దాంట్లోనే తీయండి.

పాలమూరు కెమెరా
ఈ మాటతో నేను ఏకీభవిస్తాను. స్టీలు మెరుపు పోవాలంటే స్టీలు పళ్లెంలో ఆకు వేసి వడ్డించండి, ఫొటోకే కాదు, రోజూ అట్లాగే. కూర మోతాదు కూడా గిరాకీకి ఇచ్చేంతే పెట్టండి. ముక్కలు పులుసులో మునిగిపోతే కనబడవు కాబట్టి వాటిని పైకి తేల్చి పెట్టండి. అందులో మోసం లేదు, ఉన్న ముక్కలే.

గిన్నెలో కూర ఒక్కటే తీసేటప్పుడు, టేబుల్ ముందు కూర్చున్నవాడి కన్ను చూసేంత ఏటవాలుగా తీయండి. రొట్టె, కూర, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ అన్నీ ఉన్న పళ్లెమైతే నిట్టనిలువుగా పైనుంచి తీయండి. ఫోన్‌ను మరీ దగ్గరకు తీసుకెళ్తే గిన్నె వంకర పోతుంది. కొంచెం దూరం నిలబడి రెండింతలు జూమ్ పెట్టండి. అన్నీ సర్దుకున్నాకే రొట్టెను పెనం మీది నుంచి తెప్పించండి. జొన్న రొట్టె ఆరిందంటే అంచులు బిగుసుకుంటాయి, ఫొటోలో అట్టముక్కలా ఉంటుంది.

కల్వకుర్తి అక్క
నాది హోటల్ కాదు, ఇంట్లో సకినాలు, పచ్చళ్లు చేసి అమ్ముతాను. నాకు ఇన్‌స్టా కంటే వాట్సాప్ స్టేటసే అక్కరకొచ్చింది. పొద్దున స్టేటస్ పెడితే సాయంత్రానికి ఆర్డర్లు వస్తాయి. మీరు కూడా స్టేటస్ పెట్టండి తమ్మీ, ఖర్చు లేదు.

రొట్టెలపొయ్యి (నల్లగొండ)
అక్కా, స్టేటస్ పెడుతున్నా. చూసేది మా చుట్టాలే.

కల్వకుర్తి అక్క
అదే చెప్పబోతున్నా. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో, వాళ్ల నంబరు మీ ఫోన్‌లో రెండూ సేవ్ అయి ఉంటేనే స్టేటస్ కనబడుతుంది. వచ్చిన గిరాకీ దగ్గర నంబరు తీసుకుంటే సగం పనే. డబ్బులిచ్చేచోట ఒక కాగితం అంటించండి: "ఈ నంబరు సేవ్ చేసుకొని హాయ్ అని పంపండి, రేపటి కూరలు తెలుస్తాయి." వాళ్లు పంపగానే మీరు కూడా సేవ్ చేసుకోండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా అంతే, ఒక్కో లిస్టులో 256 మంది వరకు పడతారు కానీ మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు మెసేజ్ పోదు. రోజూ మెసేజ్‌లు పంపితే బ్లాక్ చేస్తారు. నేను పండగలప్పుడే పంపుతాను.

జడ్చర్ల టిఫిన్స్
డెలివరీ యాప్‌లో పెట్టుకోండి అన్నా, ఫొటోలు వాళ్లే చూసుకుంటారు. మేం అట్లే చేశాం. కమిషన్ పోతుంది గానీ ఆర్డర్లు వస్తాయి.

పాలమూరు కెమెరా
ఆయన అడిగింది మనుషులు హోటల్‌కు రావడం గురించి అన్నా. జొన్న రొట్టె డబ్బాలో మూసి పంపితే ఆవిరికి మెత్తబడుతుంది. దాన్ని పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి వేసుకుంటేనే రుచి.

రీల్ సంగతికి వస్తే, తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. రీల్ కొత్తవాళ్లకు చేరుతుంది. కానీ ఎక్కడి కొత్తవాళ్లకు? విజయవాడలో, బెంగళూరులో చూసినవాళ్లు నల్లగొండకు రొట్టె తినడానికి రారు. పేజీ ఇన్‌సైట్స్‌లో చూసేవాళ్లు ఏ ఊర్లవాళ్లో కనిపిస్తుంది, వ్యూస్ కంటే ముందు అది చూడండి. రీల్‌లో ట్రెండింగ్ పాట అక్కర్లేదు. బిజినెస్ అకౌంట్‌కు సినిమా పాటలు చాలావరకు రావు కూడా. రొట్టె చేతితో తట్టే చప్పుడు, పెనం మీద పొంగడం, తుంచితే ఆవిరి రావడం, ఆ చప్పుడుతోనే కొన్ని సెకన్లు చాలు. లొకేషన్ నల్లగొండ అని పెట్టండి. కింద రాసేదాంట్లో ధర, వేళ, గుర్తు మూడూ ఉండాలి. మీకు ఇట్లా రాసిస్తాను, అంకెలు మీవి వేసుకోండి:

"2 జొన్న రొట్టెలు, నాటుకోడి కూర, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. 180 రూపాయలు. మధ్యాహ్నం 12 నుంచి కూర అయిపోయేదాకా. నల్లగొండ, దేవరకొండ రోడ్డు, ఫలానా పెట్రోల్ బంక్ ఎదురుగా."

ఊరికొచ్చేవాడు (హైదరాబాద్)
"కూర అయిపోయేదాకా" అంటే నాకు ఇబ్బంది. 3 గంటలకు వస్తే ఉంటుందో లేదో తెలియదు. మ్యాప్స్‌లో టైమింగ్స్ సరిగా పెట్టండి, పండగకు మూసేస్తే అదీ మార్చండి. మూసిన షట్టర్ ముందు నిలబడినవాడు రివ్యూలో ఒక్క స్టారే ఇస్తాడు.

పాలమూరు కెమెరా
నిజమే, వేళ రాయడమే మంచిది. మ్యాప్స్‌లో ఇంకో నాలుగు ఫొటోలు తప్పనిసరి: రోడ్డు అవతల నుంచి బోర్డుతో సహా హోటల్ ముందుభాగం, లోపల టేబుళ్లు, మెనూ కార్డు, ఒక నిండు పళ్లెం. ముందుభాగం ఫొటో లేక మీ ముందు నుంచే దాటిపోయేవాళ్లు ఉంటారు. పిన్ సరిగ్గా మీ మడిగె మీద ఉందో లేదో వేరేవాళ్ల ఫోన్‌లో దారి పెట్టి చూడండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనకండి, గూగుల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

సాగర్ రోడ్డు తమ్ముడు
మరి లోకల్ ఫుడ్ పేజీవాళ్లను పిలిస్తే? మా దగ్గర ఒక హోటల్‌వాళ్లు డబ్బులిచ్చి వీడియో చేయించుకుంటే ఆ ఆదివారం నిలబడే చోటు లేదు.

జడ్చర్ల టిఫిన్స్
మేమూ చేయించాం. రెండు రోజులు జనం, తర్వాత మామూలే. ఆ రెండు రోజుల్లో అందరికీ సమయానికి పెట్టలేక పాత గిరాకీ కూడా విసుక్కుంది.

పాలమూరు కెమెరా
దీని మీద నాకు గట్టి అభిప్రాయం లేదు. చేయిస్తే డబ్బు తీసుకున్నట్టు వీడియోలో చెప్పాలి, అది యాడ్ నియమం. ఆ రోజు రొట్టెలు తట్టడానికి ఇంకో మనిషి ఉన్నారా అని ముందు చూసుకోండి. జొన్న రొట్టె తొందరపెడితే విరుగుతుంది.

రొట్టెలపొయ్యి (నల్లగొండ)
అందరికీ థ్యాంక్స్. ట్యూబ్‌లైట్లు ఆపి షట్టర్ దగ్గర తీసి చూశాను, కూరలో ముక్కలు కనబడుతున్నాయి, ఉల్లిగడ్డ తెల్లగానే ఉంది. ఒక నోటుబుక్కు పెట్టి, కొత్తగా వచ్చినవాళ్లను "ఎట్ల తెలిసింది" అని అడిగి మ్యాప్స్, ఇన్‌స్టా, వాట్సాప్, దారినపోతూ అని నాలుగు గడుల్లో గీతలు పెడుతున్నాం. ఇప్పటిదాకా మ్యాప్స్ గడిలోనే ఎక్కువ ఉన్నాయి. ఇంకొక్కటి అడగాలి. తలకాయ కూర రాత్రి 7 తర్వాతే పెడతాం, అప్పుడు వెలుతురు ఉండదు. దాన్ని ఎట్ల తీయాలి?

పాలమూరు కెమెరా
మరుసటి రోజుకు ఒక గిన్నె పక్కన పెట్టి పగలు తీయొచ్చు. కానీ చల్లారిన తలకాయ కూర మీద కొవ్వు తెల్లగా పేరుకుంటుంది, బాగా వేడిచేసి, కొవ్వు కరిగి నూనె తేలాకే తీయండి. రాత్రే తీయాలంటే తెల్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఆపండి. దాన్ని కూర వైపు కాకుండా పక్కనున్న తెల్ల గోడ వైపు తిప్పి, గోడ మీద నుంచి వచ్చే వెలుతురులో తీయండి. మీ గోడ ఏ రంగు?

రొట్టెలపొయ్యి (నల్లగొండ)
లేత ఆకుపచ్చ.

పాలమూరు కెమెరా
అయితే గోడకు తెల్ల చార్ట్ అంటించి దాని మీదికి తిప్పండి. లేకపోతే ఉల్లిగడ్డ కూడా ఆకుపచ్చగానే వస్తుంది.