ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ కట్‌లో ఒకే వైపు చూస్తున్నారు. లైన్ దాటలేదు, మరి తప్పెక్కడ?

భార్గవి:
షార్ట్ ఫిల్మ్ ఎడిట్‌లో ఒక సీన్ దగ్గర ఆగిపోయాను. డైనింగ్ టేబుల్‌కి ఎడమ చివర అన్న, కుడి చివర చెల్లెలు. టేబుల్ మొత్తం కనిపించే మాస్టర్ షాట్‌లో అన్న కుడివైపు చూస్తాడు, చెల్లెలు ఎడమవైపు. క్లోజులు కూడా అలాగే ఉన్నాయి, మొదటి సగం హాయిగా నడుస్తుంది. మధ్యలో అమ్మ వచ్చి టేబుల్‌కి మన వైపు, అంటే కెమెరా ఉన్న వైపు, కుర్చీలకి కాస్త దూరంలో నిలబడుతుంది. అక్కడినుంచి గొడవ మొదలు.

చెల్లెలు అన్నతో "నువ్వు వెళ్తున్నావా, లేదా?" అంటుంది. ఎడమవైపు లుక్. వెంటనే అన్న క్లోజ్: "ఇంకా ఏమీ అనుకోలేదు." అతనిదీ ఎడమవైపు లుక్కే! ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎవరో మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంది. డైరెక్టర్‌ని అడిగితే, కెమెరా ఒక్కసారి కూడా టేబుల్ అవతలి వైపుకి వెళ్లలేదని ఒట్టేసి చెబుతున్నాడు. ఎడిట్ చేయని రషెస్ చూస్తే అది నిజమే. మరి ఇదెలా జరిగింది?

నరేష్:
ఎంత ఒట్టేసినా లైన్ దాటేశారనే అర్థం అండి. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహించుకునే గీతకి కెమెరా ఒకే పక్కన ఉండాలన్న 180 డిగ్రీ రూల్ తప్పితేనే ఇలా వస్తుంది. రీషూట్ ఎందుకు, అన్న క్లోజ్‌ని అడ్డంగా తిప్పేయండి. ప్రీమియర్‌లో అయితే Horizontal Flip ఎఫెక్ట్ వేస్తే రెండు సెకన్ల పని. కుడివైపు చూస్తాడు, అంతే.

భార్గవి:
నరేష్ గారూ, అదీ చేసి చూశాను. షర్టు జేబు కుడివైపుకి పోయింది, పాపిడి మారింది. వాటిని ఎవరూ పట్టించుకోరులే అనుకుందాం. కానీ ఆ తర్వాతి షాట్ అమ్మ రియాక్షన్. అందులో ఆమె కుడివైపు చూస్తుంది. తిప్పేశాక అన్న కుడివైపు, అమ్మ కుడివైపు. సమస్య ఒక కట్ ముందుకి జరిగిందంతే.

శ్రీధర్ (ఎడిటింగ్):
భార్గవి గారూ, ఇక్కడే మీకు జవాబు దొరికింది. తిప్పితే అమ్మతో పొత్తు చెడిందంటే, తిప్పకముందు అమ్మతో సరిగ్గానే ఉందన్నమాట. ఒక్క విషయం చెప్పండి. "ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నప్పుడు సెట్‌లో అన్న ఎవరిని చూస్తున్నాడు? ఆ టేక్‌లో డైలాగ్‌కి ముందు అతను తల తిప్పాడా?

భార్గవి:
ఇప్పుడు మళ్లీ చూశాను. అమ్మనే చూస్తున్నాడు. చెల్లెలి ప్రశ్న విని, ఒక క్షణం ఆమెనే చూసి, అమ్మ వైపు తిరిగి జవాబు చెబుతాడు. ఆ తిరగడం నెమ్మదిగా ఉందని తీసేసి, డైలాగ్ మొదలయ్యే చోట కట్ పెట్టాను.

శ్రీధర్ (ఎడిటింగ్):
ఇంకేం, తేలిపోయింది. మీ డైరెక్టర్ చెప్పింది నిజం, నరేష్ గారు చెప్పింది సగం నిజం.

లైన్ అనేది టేబుల్‌కి కట్టేసి ఉండదు. ఎవరు ఎవరిని చూస్తే ఆ ఇద్దరి మధ్య లైన్ పుడుతుంది. అన్నాచెల్లెళ్లు మాత్రమే ఉన్నంతసేపు అది టేబుల్ పొడవునా ఉంది, కెమెరా ఒక పక్కనే ఉంది, అంతా బాగుంది. అన్న అమ్మ వైపు తిరిగిన క్షణంలో అతని కుర్చీ నుంచి అమ్మ నిలబడ్డ చోటికి ఇంకో లైన్ వచ్చింది. ఆ షాట్‌లో కెమెరా అమ్మకి కుడిపక్కన, చెల్లెలి కుర్చీ వైపుకి జరిగి ఉండాలి, అవునా? అక్కడినుంచి అన్నని చూస్తే చెల్లెలు లెన్స్‌కి కుడివైపు ఉంటుంది, అమ్మ ఎడమవైపు ఉంటుంది. అందుకే ఒకే షాట్‌లో అతనికి రెండు లుక్కులు. చెల్లెలికైతే కుడి, అమ్మకైతే ఎడమ. కెమెరా టేబుల్ దాటనక్కర్లేదు, అతని తల తిరిగితే చాలు.

ఇది తప్పు కాదు, పైగా చక్కటి పొజిషన్. ముగ్గురున్న సీన్‌లో లెన్స్ ఇద్దరి మధ్యకి వచ్చేలా పెడితే, ఎవరిని చూస్తున్నాడో మాట లేకుండానే తెలుస్తుంది. కానీ తిరగడం ప్రేక్షకుడి కళ్లముందు జరగాలి. మీరు కోసేసింది సరిగ్గా దాన్నే. కుడినుంచి ఎడమకి వెళ్లడం చూస్తే "ఓహో, అమ్మ వైపు తిరిగాడు" అనుకుంటాం. చూడకపోతే, అంతకుముందు మన బుర్రలో ఉన్న పాత లైన్‌తోనే లెక్కేస్తాం. ఆ లెక్కలో చెల్లెలు అతనికి కుడివైపు ఉంది కాబట్టి అతను ఆమెకి వీపు పెట్టినట్టు కనబడుతుంది.

ఇంకో మాట. చెల్లెలు సూటిగా అడిగితే, ఆమెకి చెప్పకుండా అమ్మకి చెప్పాడు. సీన్‌లో అసలు సంగతి అదే కదా! ఆ తిరగడాన్ని వెనక్కి తెచ్చుకోండి. చెల్లెలి మీద ఉన్న కట్‌ని ముందుకి లాగి, "లేదా?" అనే మాట అన్న మొహం మీద వినిపించేలా వేస్తే నెమ్మదితనం కూడా అనిపించదు. అతను కుడివైపు చూస్తూ ఆ మాట వింటాడు, తర్వాత తిరుగుతాడు.

మంజుల:
నాదీ ఇదే సమస్య అండి. నా సీన్‌లో ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటారు, ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. నేనూ ఆ తిరగడం పెట్టాలా?

శ్రీధర్ (ఎడిటింగ్):
మంజుల గారూ, మీది వేరే కేసు. వాళ్లు వేర్వేరు చోట్ల ఉన్నారు, మధ్యలో నిజమైన లైన్ లేదు. ఒకరిని ఎడమ, ఒకరిని కుడి చూపిస్తే మాట ఇచ్చిపుచ్చుకుంటున్నట్టు ఉంటుంది కాబట్టి చాలామంది అలాగే తీస్తారు. ఒకే వైపు ఉన్నా ఎవరూ తికమకపడరు. మరీ ఇబ్బందిగా ఉంటే, వెనక బోర్డులూ రాతలూ లేని ఒకరి షాట్‌ని నరేష్ గారు చెప్పినట్టు తిప్పేయండి. అక్కడ ఆ చిట్కా పనికొస్తుంది.

భార్గవి:
తిరగడం వెనక్కి పెట్టాను. సుమారు 20 ఫ్రేములు పట్టింది. నమ్మరు, ఇప్పుడు సీనే మారిపోయింది! నేను నెమ్మదిగా ఉందని తీసేసిన చోటే అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

ఇంకొకటి మిగిలింది. దీని తర్వాత చెల్లెలు అమ్మని చూసి "నువ్వైనా చెప్పమ్మా" అనే క్లోజ్ అసలు తీయలేదు. మిగిలిపోయిన షాట్లు తీసే ప్యాచ్ వర్క్‌కి ఒక పూట దొరికింది, కానీ ఆ రోజు అమ్మ పాత్రధారి రారు. చెల్లెలిని ఎటు చూడమనాలి?

అసోసియేట్ రమణ:
ఇది నా పని కాబట్టి నేను చెబుతాను. ముందు అమ్మ షాట్ చూసుకోండి. అమ్మ అన్నని చూస్తే కుడి అన్నారు. అదే షాట్‌లో ఆమె చెల్లెలిని చూస్తే ఎటు?

భార్గవి:
ఎడమ.

అసోసియేట్ రమణ:
అయితే చెల్లెలు అమ్మని చూసేటప్పుడు లెన్స్‌కి కుడివైపు చూడాలి. ఇద్దరిలో ఒకరిది ఎడమైతే రెండోవారిది కుడి, ఇంతకుమించి సూత్రం లేదు. కెమెరా టేబుల్‌కి ఇటువైపే, ఈసారి అన్న కుర్చీ వైపుకి జరిపి పెట్టండి. అన్నకి ఎడమ లుక్, అమ్మకి కుడి లుక్ దానంతటదే వస్తుంది.

సెట్‌లో మాత్రం "కుడివైపు చూడమ్మా" అనకండి. ఆ అమ్మాయి తన కుడివైపు చూస్తుంది, అది ఫ్రేములో ఎడమ. చెయ్యి చాచి చోటు చూపించండి.

ఎత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. అమ్మ నిలబడి ఉంది, కూతురు కూర్చుని ఉంది. అమ్మ కళ్లు కూతురి కళ్లకంటే సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తులో, 2 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. మీరు స్టాండుకి టేపు అంటించి దాన్ని 1 మీటరు దూరంలోనే పెడితే ఎత్తు కూడా సగమే ఉండాలి, 20 సెంటీమీటర్లు. అక్కడ కూడా 40 పెడితే ఆ పిల్ల సీలింగ్ ఫ్యాన్‌తో మాట్లాడుతున్నట్టుంటుంది. వీలైతే అసలు దూరంలోనే ఎవరినైనా నిలబెట్టి డైలాగ్ చెప్పించండి. టేపుని చూసే కళ్లల్లో ప్రాణం ఉండదు. నిలబడ్డవాళ్ల రెండు కళ్లలో లెన్స్‌కి దగ్గరగా ఉన్న కంటినే చూడమనండి, చూపు అటూ ఇటూ ఊగదు.

లెన్స్‌కి ఎంత పక్కగా చూడాలన్నది అమ్మ క్లోజ్‌ని బట్టి ఉంటుంది. అందులో రెండు కళ్లూ బాగా కనిపిస్తుంటే చెల్లెలిది కూడా అలాగే ఉండాలి. ఒకరు లెన్స్ పక్కనే చూస్తూ, ఇంకొకరు దాదాపు ప్రొఫైల్‌లో ఉంటే దిశ సరిపోయినా చూపులు కలవవు. అమ్మ షాట్ నుంచి ఒక స్టిల్ ఫోన్లో పెట్టుకుని మానిటర్ పక్కన పట్టుకుని పోల్చండి. ఆ లెన్సే వాడితే ఇంకా సులువు.

నరేష్:
ఇంత టెన్షన్ ఎందుకండీ. మధ్యలో కాఫీ కప్పు క్లోజ్ ఒకటి వేస్తే లుక్ ఎటున్నా ప్రేక్షకుడు మర్చిపోతాడు. నేను చాలాసార్లు చేశాను.

శ్రీధర్ (ఎడిటింగ్):
కప్పు షాట్ వేస్తే కట్ దగ్గర కుదుపు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఎవరు ఎక్కడున్నారో బుర్రలోంచి చెరిగిపోదు. ముగ్గురూ కనిపించే వైడ్ మళ్లీ వేస్తే తప్ప కొత్త లెక్క మొదలవదని నా అనుభవం.

అసోసియేట్ రమణ:
ఇక్కడ నేను కొంచెం నరేష్ గారి వైపే. ఆ కప్పుని ఎవరో ఎత్తుకుంటే, ఆ చేతి వెంట కళ్లు పోతాయి, తర్వాతి లుక్ నడిచిపోతుంది. ఊరికే టేబుల్ మీద ఉన్న కప్పు అయితే శ్రీధర్ గారి మాటే నిజం.

శ్రీధర్ (ఎడిటింగ్):
చేతి సంగతి నేనింకా ఒప్పుకోను గానీ, ప్యాచ్ వర్క్ రోజున రెండూ తీసి పెట్టుకోవడంలో నష్టం లేదు. వైడ్‌కి మాత్రం అమ్మ ఉండదు కదా.

భార్గవి:
వైడ్‌లో అమ్మ వీపు మాత్రమే కనబడుతుంది. అదే చీరలో మా కాస్ట్యూమ్ అమ్మాయిని నిలబెడితే సరిపోతుందేమో. ఎత్తు కూడా ఇంచుమించు అంతే.

అసోసియేట్ రమణ:
అయితే చెల్లెలి క్లోజ్‌కి కూడా ఆవిడనే అక్కడ నిలబెట్టండి, టేపు అక్కర్లేదు. అమ్మ ఎక్కడ నిలబడిందో నేల మీద గుర్తు మిగలకపోతే, పాత మాస్టర్ చూసి కుర్చీ కాళ్లని బట్టి కొలుచుకోండి.