టికెట్ల పాప కనిపెట్టిందా, చూసిందా?

సిరొంచ కథకురాలు:
టికెట్ యంత్రాలు రాకముందు రోజుల కథ రాశాను. సిరొంచ–ఆలాపల్లి బస్సు కండక్టర్ కూతురు, పదేళ్ల పాప, బస్సులో రాలిన టికెట్లు ఏరుకొస్తుంది. ఏ నంబరులో అంకెలు కూడితే తొమ్మిదో పద్దెనిమిదో వస్తుందో ఆ నంబరు తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతోందని గమనిస్తుంది. "నాన్నా, దొరికింది!" అనడంతో కథ ముగుస్తుంది. చదివిన ఇద్దరు మిత్రులు ఇది కనిపెట్టడం కాదు, చూడడం మాత్రమే అన్నారు. కారణం కూడా కథలో ఉండాలా? ఉంటే కథ పాఠమైపోదా?

అహేరి లెక్కల మాస్టారు:
మీ మిత్రులతో నేను ఏకీభవిస్తాను అమ్మా. అయితే తప్పు పాపది కాదు, మీరు ఆమె చేతికిచ్చిన టికెట్లది. నేల మీద ఏరిన టికెట్లకు వరుస ఉండదు. వాటిలో నియమం కనబడుతుంది గానీ కారణం కనబడదు. అదే పాపకు ఒక కట్ట టికెట్ల నంబర్లు వరుసగా ఇచ్చి చూడండి. ప్రతి నంబరు పక్కన దాని అంకెల మొత్తం రాయమనండి, నంబరులోంచి ఆ మొత్తాన్ని తీసేయమనండి.

4437 దగ్గర మొత్తం 18, తీసేస్తే 4419. తరువాతి టికెట్ 4438, మొత్తం 19, తీసేస్తే మళ్లీ 4419. 4439కీ అదే. నంబరు ఒకటి పెరిగింది, అంకెల మొత్తమూ ఒకటి పెరిగింది, కాబట్టి తేడా కదలలేదు. ఇప్పుడు 4440 వచ్చింది. చివరి తొమ్మిది సున్నా అయింది, పక్క అంకెకు ఒకటి చేరింది. మొత్తం 20 నుంచి 12కు పడిపోయింది. తేడా 4428 అయింది, అంటే తొమ్మిది పెరిగింది. 4499 దాటి 4500కు వెళ్లినప్పుడు రెండు తొమ్మిదులు ఒకేసారి సున్నాలవుతాయి, అప్పుడు తేడా 4473 నుంచి 4491కి, పద్దెనిమిది పెరుగుతుంది. తేడా కదలకుండానైనా ఉంటుంది, తొమ్మిదుల లెక్కన దూకనైనా దూకుతుంది, మూడో దారి లేదు. అందుకే అంకెల మొత్తం తొమ్మిదితో భాగించబడితే నంబరూ భాగించబడుతుంది. పదేళ్ల పిల్ల చూడగలిగిన కారణం ఇది. ఇది చూస్తే కనిపెట్టినట్టే.

రాజురా పాఠకుడు:
మాస్టారూ, అంత అవసరమా? నియమం పనిచేస్తే చాలదా? అంకెల మొత్తం మూడుతో భాగించబడితే నంబరూ భాగించబడుతుంది. తొమ్మిదికీ అంతే. ఇరవై ఏడుకూ అంతే, నేను స్వయంగా సరిచూశాను: 999లో మొత్తం 27, 27తో పోతుంది. 2997లోనూ మొత్తం 27, అదీ పోతుంది. పాపను అక్కడిదాకా తీసుకెళ్తే కథ ఇంకా బాగుంటుంది.

అహేరి లెక్కల మాస్టారు:
మూడు, తొమ్మిది సరే. 1899 తీసుకోండి. అంకెల మొత్తం 27. ఇరవై ఏడుతో భాగించి చూడండి, 9 మిగులుతుంది. తేడా తొమ్మిది చొప్పున దూకుతుంది గానీ ఇరవై ఏడు చొప్పున కాదు, అందుకే నియమం తొమ్మిది దగ్గరే ఆగింది. మీరు రెండు నంబర్లు చూసి నమ్మారు, కథలో పాప కూడా అలాగే నమ్మింది. ఆమె అదృష్టవశాత్తు నిజమైన నియమం మీద చెయ్యి వేసింది, అంతే తేడా.

విశ్రాంత కండక్టర్, సిరొంచ:
నాకు కథల సంగతి తెలియదు గానీ ఒక మాట చెప్పాలి. అమ్ముడుపోని టికెట్ల కట్టను కండక్టర్ పిల్లల చేతికి ఇవ్వడు. ప్రతి టికెట్టూ డబ్బే. ఒకటి పోతే లెక్క చెప్పాల్సింది మేమే. మాస్టారు చెప్పిన కట్ట నిజ జీవితంలో పాపకు దొరకదు.

తొమ్మిది మాట వచ్చింది కాబట్టి నా అనుభవం కూడా రాస్తున్నాను. ఒకసారి ఎనిమిది రూపాయల టికెట్లలో ముగింపు నంబరు 4714 అయితే, టికెట్ల లెక్క రాసే వేబిల్లులో 4741 అని రాశాను. లెక్కలో ఇరవై ఏడు టికెట్లు ఎక్కువ అమ్మినట్టు తేలింది, 216 రూపాయలు తక్కువ పడ్డాయి. రాత్రి పదకొండయింది, నాకు చెమటలు పట్టాయి. క్యాష్ దగ్గర ఉన్న పెద్దాయన ఇరవై ఏడును తొమ్మిదితో భాగించి, "ఎక్కడో రెండు అంకెలు తారుమారు చేశావు, చూడు" అన్నారు. వెంటనే దొరికింది. ఎందుకలా తెలిసిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఈరోజు మాస్టారు రాసింది చదివాక కొంత అర్థమైంది. అంకెలు అవే కాబట్టి మొత్తం మారదు, అందుకని రెండు నంబర్ల మధ్య తేడా తొమ్మిదుల్లోనే ఉంటుంది, అంతేనా?

అహేరి లెక్కల మాస్టారు:
అంతే. మీరు చెప్పింది పూర్తిగా సరైనది. దానిలోంచే దీని పరిమితి కూడా తెలుస్తుంది: అంకెలు కూడి సరిచూసేవారికి 4714, 4741 ఒకేలా కనబడతాయి. తారుమారును అంకెలు కూడే పద్ధతి ఎన్నటికీ పట్టుకోలేదు.

కట్ట గురించి మీ అభ్యంతరం న్యాయమైనది. అయితే పాపకు టికెట్లు ఎందుకు? వేబిల్లులో మొదటి నంబరు, ముగింపు నంబరు ఉంటాయి కదా. మధ్యవి పలక మీద తనే రాసుకుంటుంది.

గడ్చిరోలి విద్యార్థిని:
నేను మాస్టారితో ఏకీభవించను. చూడడాన్ని మీరు చిన్నచూపు చూస్తున్నారు. కాప్రేకర్ మన మహారాష్ట్రలోనే దేవళాలీలో బడిపంతులు. జీవితమంతా అంకెల వరుసలు చూస్తూ గడిపారు. అన్నీ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్య తీసుకుని, దాని అంకెలతో వచ్చే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసేస్తూ పోతే చివరికి వచ్చే 6174 అలాగే దొరికింది. తన అంకెల మొత్తంతో తానే భాగించబడే సంఖ్యకు హర్షద్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. 4428ని 18తో భాగించండి, 246. పాప ఇది చూసి మురిసిపోతే ఆ మురిపెం చాలదా? కారణం ఆరేళ్ల తరువాత తెలుసుకుంటుంది.

ఇంకొకటి. ఆ పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో మరాఠీ. మరాఠీలో 29 ఏకోణతీస్, 39 ఏకోణచాళీస్, అంటే నలభైకి ఒకటి తక్కువ. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ఆ సంఖ్య ముప్పైల్లోనే ఉంటుంది. మరాఠీ పేరు మాత్రం అప్పుడే నలభై గడప మీద నిలబడింది. మాస్టారు చెప్పిన దూకడం సరిగ్గా ఆ గడప దగ్గరే జరుగుతుంది. నేను చిన్నప్పుడు ఈ రెండు పేర్ల మధ్య తికమకపడేదాన్ని. కథలో పాప తికమకపడి అక్కడే ఆగితే కారణం దానంతటదే ఎదురవుతుంది, ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అహేరి లెక్కల మాస్టారు:
మురిపెం చాలదనే అంటాను. రాజురా మిత్రుడికి ఇరవై ఏడు విషయంలో కలిగింది కూడా మురిపెమే కదా. కానీ ఏకోణచాళీస్ సంగతి నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు మరాఠీ మాధ్యమంలో చెప్పాను, ఆ పేరు వైపు ఒక్కసారీ చూడలేదు.

రాజురా పాఠకుడు:
1899 భాగించి చూశాను. 9 మిగిలింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం: మాస్టారు 4437 దగ్గర మొదలుపెట్టారు. తేడా తొమ్మిదుల్లో దూకుతుందని తెలిసింది, సరే. అసలు 4419 తొమ్మిదితో పోతుందని పాపకు ఎలా తెలుసు? మొదటి తేడాయే అలాంటిది కాకపోతే తరువాతివన్నీ తప్పుతాయి కదా?

అహేరి లెక్కల మాస్టారు:
ఈ చర్చలో అందరికంటే మంచి ప్రశ్న మీరే అడిగారు. 4419ని ఒకసారి భాగించి చూసుకోవచ్చు, 491 వస్తుంది. లేదా ఒకటో నంబరు టికెట్ దాకా వెనక్కి వెళ్లాలి. ఒకటిలోంచి ఒకటి తీస్తే సున్నా. అక్కడి నుంచి తొమ్మిదులు తప్ప ఇంకేమీ కలవలేదు.

సిరొంచ కథకురాలు:
నేల మీద టికెట్లు తీసేశాను. పాప ఇప్పుడు వేబిల్లు పక్కన కూర్చుని పలక మీద రాస్తోంది, ఏకోణచాళీస్ దగ్గర ఆగింది. ఒకటో టికెట్ దాకా వెనక్కి వెళ్లే దృశ్యం రాయడం మాత్రం నాకింకా చేతకావడం లేదు. నాలుగు వేల నంబర్లు వెనక్కి నడిచే ఓపిక పాపకు ఉంటుందా, లేక భాగహారం చేసి ఊరుకుంటుందా? విద్యార్థిని గారు భాగహారం చాలంటారని తెలుసు. కండక్టర్ గారిని అడుగుతున్నాను: ఒకటో నంబరుతో మొదలయ్యే కొత్త కట్ట మీ చేతికి ఎప్పుడైనా వచ్చిందా?

విశ్రాంత కండక్టర్, సిరొంచ:
రెండుసార్లు వచ్చింది. మొదటి టికెట్ నా కూతురికే కొట్టి, డబ్బులు నేనే కట్టాను.