ఉపోద్ఘాతం మారిస్తే చాలా, వ్యాసమే మారాలా?

కోనసీమ విద్యార్థిని (ప్రశ్న)

ఎం.ఏ. చరిత్రలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణంపై 4,000 పదాల వ్యాసం రాశాను. పరీక్షకులు "వర్ణనాత్మకంగా ఉంది, స్పష్టమైన వాదన లేదు, ఉపోద్ఘాతం తిరగరాయండి" అని రాసి వెనక్కి పంపారు. గడువు మూడు వారాలు. నా ఉపోద్ఘాతం ఇది:

"గోదావరి దక్షిణ భారతదేశంలోని పెద్ద నది. 1832–33లో వచ్చిన కరువులో తీర జిల్లాల ప్రజలు తీవ్రంగా నష్టపోయారు. ఆర్థర్ కాటన్ నివేదికపై 1846లో అనుమతి లభించగా 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఈ వ్యాసంలో ఆనకట్ట నేపథ్యం, నిర్మాణం, ఫలితాలు వివరించబడ్డాయి."

ఈ ఒక్క పేరా మారిస్తే సరిపోతుందా, లేక మొత్తం తిరగరాయాలా?

పట్టుదల

మొత్తం తిరగరాయనవసరం లేదు. పరీక్షకులు ముందుగా వెతికేది "ఈ వ్యాసం వాదించేది ఏమిటంటే" అన్న వాక్యాన్నే. మీ చివరి వాక్యం తీసివేసి, దాని స్థానంలో "ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టా ఆర్థిక జీవితాన్ని సమూలంగా మార్చివేసిందని ఈ వ్యాసం వాదిస్తుంది" అని పెట్టండి. నేను డిగ్రీలో ఇలాగే సరిచేసి గట్టెక్కాను. పని ఒక సాయంత్రంలో అయిపోతుంది.

దిద్దిన చేయి

పట్టుదల గారు సూచించిన చోటు సరైనదే. ఉపోద్ఘాతం చివర వాదన బరువును మోసే వాక్యం ఒకటి ఉండాలి. అయితే వారు రాసిన వాక్యంలో "వాదిస్తుంది" అన్న క్రియ ఉంది కానీ వాదన లేదు. ఆనకట్ట వల్ల డెల్టా మారలేదని చెప్పే చరిత్రకారుడిని ఒక్కరిని ఊహించడం కూడా కష్టం. చదువుకున్నవాడు ఎవరైనా కాదనగలిగినప్పుడే అది వాదన; ఎవరూ కాదనలేనిది సమాచారం. ఇరవై ఏళ్ళకు పైగా సమాధాన పత్రాలు, వ్యాసాలు దిద్దినవాడిగా చెబుతున్నాను, "వర్ణనాత్మకం" అని మార్జిన్‌లో రాసేటప్పుడు మేము చూసేది ఈ ఒక్క తేడానే.

ఇప్పుడు మీ నాలుగు వాక్యాలను ఒక్కొక్కటిగా చూడండి. మొదటిది భూగోళం, మీ వ్యాసం చదివేవారికి అది తెలుసు, కొట్టేయండి. నాలుగోది విషయసూచిక, అదీ పోతుంది. రెండూ మూడూ మాత్రం చాలా విలువైనవి, కానీ మీరు వాటిని తేదీల వరసలో పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. కరువు 1833 నాటికి ముగిసింది, అనుమతి వచ్చింది 1846లో. మధ్యలో 13 ఏళ్ళు. కరువే కారణమైతే ఆ 13 ఏళ్ళు ఈస్టిండియా కంపెనీ ఏం చేస్తున్నట్టు? పైగా ఆ కరువు దెబ్బ ఎక్కువగా తగిలింది గుంటూరు ప్రాంతానికి, అంటే కృష్ణ ఒడ్డుకు. అయినా ముందు కట్టింది గోదావరి మీద. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. మీ రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ నడుమ ఇంత పెద్ద ప్రశ్న పడుకొని ఉంది, మీరు దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు.

ఒక పని చేయండి. వ్యాసం చివరి పేజీ తీసి, "కాబట్టి", "అందువల్ల", "దీన్నిబట్టి" అన్న మాటలున్న వాక్యాలన్నీ గీతలు గీసి ఇక్కడ పెట్టండి. చాలామందికి తాము ఏమి వాదిస్తున్నారో రాయడం పూర్తయ్యే వేళకు గాని తెలియదు. వాదన వ్యాసంలో లేకపోవడం అరుదు, చివర దాక్కొని ఉండడమే ఎక్కువ.

ధవళేశ్వరం వాసి

క్షమించాలి, 13 ఏళ్ళు, కంపెనీ అంటూ మీరు కాటన్ దొరగారి త్యాగాన్ని చిన్నబుచ్చుతున్నట్టు నాకు తోస్తున్నది. మా గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, స్నానవేళ ఆయన పేరు తలచే పెద్దలను నేనే చూశాను. ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు రాసింది. అందులో తప్పేముంది?

దిద్దిన చేయి

అయ్యా, కాటన్ మంచివాడా కాదా అన్నది ఇక్కడి చర్చ కాదు. ఆయన ఎంతగా కోరుకున్నా అనుమతి ఇవ్వవలసింది లండన్‌లోని డైరెక్టర్లు. వాళ్ళు 1846లో ఎందుకు ఒప్పుకున్నారన్నది వేరే ప్రశ్న. అయితే మీ మాట ఈ విద్యార్థినికి ఒక రకంగా పనికివస్తుంది: ఆనకట్ట కరుణ వల్ల వచ్చిందని జనం నమ్ముతున్నారంటే, ఆమె వాదించడానికి ఎదుట ఒక అభిప్రాయం ఉన్నట్టే.

కోనసీమ విద్యార్థిని

అయ్యా, మీరు చెప్పినట్టు చూశాను. చివరి పేజీలో అలాంటి వాక్యం ఒక్కటే దొరికింది: "అందువల్ల, డెల్టాలోని అనేక జమీందారీలు సర్కారు చేతికి వచ్చిన తరువాతనే, పెరిగే శిస్తు నేరుగా తమకే దక్కుతుందని తేలాక కంపెనీ ఖర్చుకు సిద్ధపడిందని భావించవచ్చు." 1802–03 శాశ్వత శిస్తు ఒప్పందం తరువాత ఎస్టేట్లు బాకీలు పడి, వేలంలో సర్కారు కొన్న సంగతి మూడో విభాగంలో రాశాను, కానీ దాన్ని నేపథ్యంగా మాత్రమే అనుకున్నాను.

పూర్వపక్షి

మంచి వాక్యం దొరికింది, కాని దాన్ని మొదటి పేరాలోకి లాక్కురావాలన్న ఆత్రుతే నాకు నచ్చదు. మన శాస్త్ర గ్రంథాల్లో ముందు పూర్వపక్షం, అది బలంగా నిలబడిన తరువాతనే సిద్ధాంతం. ఎదుటివాడి మాటకు న్యాయం చేయకుండా మొదటి పేజీలోనే తీర్పు చెప్పేస్తే చదివేవాడు మిగతాదంతా సాక్ష్యాల జాబితాగా చదువుతాడు. ఉపోద్ఘాతంలో "కరువే కారణమని అంటారు, మరి ఈ 13 ఏళ్ళ మాటేమిటి?" అన్న ప్రశ్న పెట్టి ఆగితే చాలు. జవాబు ముగింపులో వస్తుంది. ప్రశ్నే వాదనకు ఇరుసు.

లీడ్స్ నుంచి

నా అనుభవం రెండువైపులా కోస్తుంది. ఇక్కడ పరిశోధన చేస్తున్నప్పుడు మొదటి ఏడాది నివేదికపై ఇదే వ్యాఖ్య వచ్చింది. నేను పట్టుదల గారిలాగే ఉపోద్ఘాతంలో గట్టి వాక్యం ఒకటి పెట్టి, మిగతా 30 పేజీలు అలాగే వదిలేశాను. రెండోసారి వచ్చిన వ్యాఖ్య మరింత కఠినంగా ఉంది: ఉపోద్ఘాతం చేసిన వాగ్దానం లోపల ఎక్కడా తీరలేదని. మొదటిసారి కనబడని లోపం, ఆ వాక్యం పెట్టడం వల్లనే బయటపడింది. తరువాత ప్రశ్న మాత్రమే పెట్టి చూశాను, అప్పుడు మార్గదర్శకురాలు "మీరు ఏ పక్షమో నాకు ఎనిమిదో పేజీ దాకా తెలియలేదు" అన్నారు.

కోనసీమ విద్యార్థిని

అందరి మాటలూ పెట్టుకొని కొత్తది రాశాను:

"1832–33 కరువే ధవళేశ్వరం ఆనకట్టకు దారితీసిందని సాధారణంగా చెబుతారు. కానీ కరువుకూ 1846 నాటి అనుమతికీ మధ్య 13 ఏళ్ళు గడిచాయి. కరువు ఎక్కువగా పీడించిన గుంటూరు ప్రాంతానికి నీరిచ్చే కృష్ణ ఆనకట్ట ఆ తరువాత గాని మొదలుకాలేదు. ఈ ఆలస్యాన్నీ ఈ వరసనూ కరువు వివరించలేదు. డెల్టాలోని ఎస్టేట్లు సర్కారు వశమై, పెరిగే శిస్తు నేరుగా ఖజానాకు చేరుతుందని తేలినందువల్ల మాత్రమే కంపెనీ గోదావరిపై ఖర్చుకు ఒప్పుకుందని ఈ వ్యాసం వాదిస్తుంది."

దిద్దిన చేయి

ఇప్పుడు ఇది ఉపోద్ఘాతం. పూర్వపక్షి గారి కోరిక మొదటి వాక్యంలోనే తీరింది, ఎదుటి అభిప్రాయానికి మర్యాద దక్కింది. కానీ నేను ఒక్క మాట దగ్గర ఆగిపోతాను: "మాత్రమే". ఆ మాట నిలబడాలంటే మిగతా కారణాలన్నిటినీ మీరు తోసిపుచ్చాలి. కాటన్ అప్పటికే 1836లో తంజావూరు వైపు కొళ్ళిడం నదిపై ఆనకట్టలు కట్టి ఉన్నారు. అడుగున ఇసుక ఉన్న నదిపై కట్టడం నిలుస్తుందన్న ధైర్యం అక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అంటే మీ "మాత్రమే" కూలిపోతుంది. "ఇంజనీర్లకు నమ్మకం కొళ్ళిడం ఇచ్చినా, కంపెనీని ఖర్చుకు ఒప్పించింది శిస్తు" అన్నట్టు మలచండి. వాదన బలహీనపడదు, కాపాడుకోగలిగేది అవుతుంది. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. గుంటూరు ఎస్టేట్లు కూడా 1840లలోనే సర్కారు చేతికి వచ్చాయి. అది మీకు అనుకూలమా ప్రతికూలమా అన్నది తేదీలు పక్కపక్కన పెట్టి మీరే తేల్చుకోవాలి, పరీక్షకులు తప్పక అడుగుతారు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, లీడ్స్ గారు పడిన గోతిలో పడకుండా ఇలా చూసుకోండి. లోపలి ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రమే ఒక కాగితంపై వరసగా ఎత్తి రాయండి. "1847లో పని మొదలైంది", "ఆనకట్ట నాలుగు భాగాలుగా ఉంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం" ఇలా తేదీతోనో పేరుతోనో మొదలయ్యే పేరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిలో శిస్తు వాదనకు సాక్ష్యమైనవాటికి మొదటి వాక్యం మార్చండి. ఏ సంబంధమూ లేనివి, ఎంత కష్టపడి సేకరించినవైనా, అర పేజీకి కుదించండి. నిర్మాణ విభాగం అలా చిక్కిపోతుందని నా అనుమానం. మూడో విభాగంలోని ఎస్టేట్ల కథ ముందుకు జరిగి పెరుగుతుంది.

పూర్వపక్షి

"మాత్రమే" విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాని చివరి వాక్యం ఇంకా నాకు తొందరపాటుగానే ఉంది. "ఈ వరసనూ కరువు వివరించలేదు" దగ్గర ఆపేసి ఉంటే ఆ పేరా ఎంత బిగువుగా ఉండేదో మళ్ళీ ఒకసారి చదివి చూడండి.

దిద్దిన చేయి

అచ్చులో వచ్చే వ్యాసమైతే నేనూ అక్కడే ఆపేవాడిని. ఇది మార్కులు పడే వ్యాసం, దిద్దేవారి బల్ల మీద మరో నలభై ఉంటాయి.

పట్టుదల

నా వాక్యం ఎవరూ కాదనలేనిదని ఒప్పుకుంటున్నాను. అయినా ఒక సాయంత్రంలో అయ్యే పనిని మీరందరూ కలిసి మూడు వారాలు చేశారు.

కోనసీమ విద్యార్థిని

పేరాల మొదటి వాక్యాలు ఎత్తి రాశాను. మొత్తం 22లో 15 తేదీతోనో కట్టడం వివరంతోనో మొదలవుతున్నాయి. గుంటూరు ఎస్టేట్ల తేదీల కోసం రేపు గ్రంథాలయానికి వెళ్తున్నాను. అవి గోదావరి డెల్టా ఎస్టేట్ల తరువాత సర్కారు చేతికి వచ్చాయని తేలితే ఈ రెండు నదుల వరస నా వాదనకు బలమవుతుందనుకుంటున్నాను, లేదంటే ఆ వాక్యమే తీసేయవలసి వస్తుంది.