బిల్లుల షీట్‌లో శనివారం ఫ్లాగులు ఇన్ని ఎందుకు వస్తున్నాయి?

పద్మ, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను బ్రాడీపేటలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా ఫీల్డ్ స్టాఫ్ నరసరావుపేట, మాచర్ల, ఒంగోలు వైపు తిరుగుతుంటారు. భోజనం, లాడ్జి బిల్లులు ఫోన్‌లో ఫోటో తీసి పంపుతారు. స్కానింగ్ యాప్ ఆ ఫోటోల్లోంచి తేదీ, షాపు పేరు, మొత్తం తీసి సీఎస్‌వీ ఫైల్ ఇస్తుంది. దాన్ని నేను ఎక్సెల్‌లో తెరుస్తాను.

మా రూల్స్ సింపుల్. భోజనం రోజుకు 600, లాడ్జి రాత్రికి 1500. ఆదివారం, రెండో శనివారం మాకు సెలవు. ఆ రోజుల బిల్లులకు ముందే అనుమతి ఉండాలి. C లో తేదీ, E లో మొత్తం, H లో ఆ ఖర్చుకు ఉన్న లిమిట్ పెట్టి ఈ ఫార్ములా రాశాను:

```
=IF(OR(E2>H2,WEEKDAY(C2,2)>5),"FLAG","OK")
```

జులై 2025 బిల్లుల మీద నడిపితే శనివారం ఫ్లాగులు కుప్పలుగా వచ్చాయి. తీసి చూస్తే కొన్ని అసలు శనివారం బిల్లులే కావు. కొన్నిచోట్ల #VALUE! అని వస్తోంది. 480 రూపాయల భోజనం బిల్లు 600 దాటిందని చూపిస్తోంది! నెలాఖరు టెన్షన్‌లో ఉన్నాను, ఎక్కడ చూడాలో చెప్పండి.

కిరణ్, విజయవాడ

పద్మ గారూ, సింపుల్ అండీ. ఫార్ములా మొత్తాన్ని IFERROR లో పెట్టేసి, తప్పు వచ్చినచోట ఖాళీ చూపించమనండి. #VALUE! అన్నీ పోతాయి. మీకు మామూలు శనివారాలు పనిదినాలే కాబట్టి >5 బదులు =7 పెట్టండి, ఆదివారాలు మాత్రమే పట్టుకుంటుంది. మా ఆఫీసులో ఇలాగే నడుస్తోంది.

సుబ్బారావు, గవర్నర్‌పేట

కిరణ్ గారు శనివారం గురించి చెప్పింది సగం కరెక్టు. =7 పెడితే రెండో శనివారం తప్పించుకుంటుంది. IFERROR మాత్రం పెట్టకండి. #VALUE! వచ్చిన వరుస అంటే, దాని సంగతి తేల్చలేకపోతున్నానని ఎక్సెల్ మీకు చెబుతోందన్నమాట. దాన్ని ఖాళీ చేస్తే ఆ బిల్లు ఎవరి కంటా పడకుండా పాస్ అయిపోతుంది.

పద్మ గారూ, ఒక పని చేయండి. C కాలమ్‌లో వెడల్పు కాస్త పెంచి చూడండి. కొన్ని తేదీలు గడిలో కుడివైపుకి, కొన్ని ఎడమవైపుకి అతుక్కుని ఉన్నాయా? కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయా? తప్పుగా శనివారం అని చూపించిన రెండు మూడు బిల్లుల్లో తేదీ గడి ఎలా ఉందో చెప్పండి.

పద్మ

అవునండీ, సగం కుడివైపు, సగం ఎడమవైపు ఉన్నాయి. ఎడమవైపు ఉన్నవన్నీ 13వ తేదీ తర్వాతివే, 18/07/2025 లాగా. #VALUE! వాటి దగ్గరే వస్తోంది. తప్పుడు శనివారం వచ్చిన వాటిలో చాలావరకు తేదీ గడే ఖాళీ. బిల్లు కాగితం మీద అచ్చు వెలిసిపోయి యాప్ చదవలేకపోయింది.

సుబ్బారావు

దొరికింది. ఇక్కడ మూడు వేర్వేరు జబ్బులున్నాయి, లక్షణం ఒకేలా కనబడుతోంది.

ఖాళీ గడి సంగతి ముందు. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. ఖాళీ గడిని WEEKDAY కి ఇస్తే దాన్ని సున్నా అనుకుంటుంది, దాని లెక్కలో సున్నా అంటే శనివారం. అందుకే తేదీ లేని ప్రతి బిల్లూ మీకు శనివారం బిల్లుగా కనిపించింది. ఏదైనా ఖాళీ గడి మీద =WEEKDAY(Z1,2) అని కొట్టి చూడండి, 6 వస్తుంది.

రెండోది రోజు, నెల తారుమారు కావడం. మీ కంప్యూటర్ రీజియన్ అమెరికా పద్ధతిలో ఉన్నట్టుంది, నెల ముందు, రోజు తర్వాత. 18/07 ని అలా చదవలేదు, 18వ నెల లేదు కదా. అందుకే దాన్ని మామూలు అక్షరాలుగా వదిలేసి ఎడమవైపు పెట్టింది. ప్రమాదం వీటితో కాదు, 12వ తేదీ లోపు బిల్లులతో. 09/07/2025 అంటే జులై 9, బుధవారం. తిరగేస్తే సెప్టెంబరు 7, ఆదివారం. పాపం ఆ మనిషి పనిరోజున తిన్న భోజనానికి సెలవురోజు ఫ్లాగు పడుతుంది. 06/07 సంగతి దీనికి రివర్సు. అసలు జులై 6 ఆదివారం. తిరగేస్తే జూన్ 7, అది మొదటి శనివారం. మీకు అది పనిదినం కాబట్టి =7 పెట్టిన ఫార్ములా దాన్ని వదిలేస్తుంది.

480 బిల్లు దగ్గర E గడిలో బహుశా Rs.480/- అని ఉంటుంది. అది అంకె కాదు, అక్షరాలు. అక్షరాలకి, అంకెకి పోటీ పెడితే ఎక్సెల్ ఎప్పుడూ అక్షరాలనే పెద్దవి అంటుంది. లిమిట్ లక్ష పెట్టినా అది దాటినట్టే చూపిస్తుంది.

పద్మ

నిజమే, Rs.480/- అనే ఉంది! ఆ హోటల్ బిల్లులన్నీ అలాగే వచ్చాయి. మరి తేదీలు ఇప్పుడు షీట్‌లోనే సరిచేయొచ్చా? టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎంవై ఎంచుకుంటే సరిపోతుందని మా తమ్ముడు అంటున్నాడు.

సుబ్బారావు

ఎడమవైపు ఉన్నవాటికి సరిపోతుంది. కుడివైపు ఉన్నవి అప్పటికే తప్పుడు తేదీగా మారిపోయాయి, వాటిని అది సరిచేయదు. అందుకని మళ్ళీ మొదటి నుంచి తెరవడమే మేలు. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ షీట్ తెరిచి డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మ్ నొక్కాక, తేదీ కాలమ్‌ని అదే తనంతట తాను మార్చేసిన స్టెప్ కనబడితే తీసేయండి. తర్వాత ఆ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ టైప్‌లో యూజింగ్ లొకేల్ ఎంచుకుని, డేట్, ఇంగ్లిష్ (ఇండియా) పెట్టండి.

దానికి ముందు ఒక్కసారి ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో చూడండి. అక్కడ 09/07/2025 అని ఉంటే తిరగేసింది ఎక్సెల్. అక్కడే 2025-09-07 అని ఉంటే తిరగేసింది యాప్. అప్పుడు ఎక్సెల్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, యాప్ సెట్టింగ్‌లో దేశం మార్చాలి.

రూపాయల కాలమ్‌లో కూడా అక్కడే రీప్లేస్ వాల్యూస్‌తో Rs. ని, /- ని తీసేసి, చేంజ్ టైప్‌లో డెసిమల్ నంబర్ పెట్టండి, అప్పుడు మిగిలింది అంకె అవుతుంది.

ఇక ఫార్ములా. ముందు ఈ వరుసని తేల్చగలమా లేదా చూడాలి, ఆ తర్వాతే రూలు. K1 లో జులై 1, K2 లో జులై 31 పెట్టండి. M కాలమ్‌లో రెండో శనివారం (జులై 12), మీ ఆఫీసు మిగతా సెలవులు రాయండి.

```
=IF(NOT(AND(ISNUMBER(C2),ISNUMBER(E2),ISNUMBER(H2))),"CHECK",
 IF(OR(C2<$K$1,C2>$K$2),"DATE?",
 IF(E2>H2,"LIMIT ","")&
 IF(NETWORKDAYS.INTL(C2,C2,11,$M$2:$M$20)=0,"HOLIDAY","")))
```

ఇందులో 11 అంటే ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవు అని. K1, K2 తనిఖీ చిన్నదే కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. జులై బిల్లు తిరగబడితే 7 రోజు స్థానంలోకి పోయి, నెల వేరేది అవుతుంది. 07/07 తప్ప, అది ఎలా చదివినా ఒకటే. అంటే ఒకే నెల బిల్లులు చూస్తున్నంతకాలం తిరగబడిన ప్రతి తేదీ ఇక్కడ దొరికిపోతుంది. జూన్ బిల్లులు కూడా ఆలస్యంగా జులైలో తీసుకుంటే మాత్రం జూన్ 7కీ జులై 6కీ తేడా ఇది చెప్పలేదు.

CHECK, DATE? వచ్చిన వాటిని తప్పు బిల్లులు అనకండి. ఫోటో తెరిచి కంటితో చూడాల్సినవి అంతే. ఫీల్డ్‌లో తిరిగే మనిషికి రూల్ తప్పావని మెసేజ్ పంపేముందు మనకి ఆ మాత్రం ఓపిక ఉండాలి.

నాగేంద్ర, పటమట

నేను ఫీల్డ్ మనిషినే, మందుల కంపెనీలో. మొన్న నా లాడ్జి బిల్లు ఇలాగే కొట్టేశారు. జులై 18 శుక్రవారం దిగాను, 20 ఆదివారం పొద్దున్నే ఖాళీ చేశాను. రెండు రాత్రులకి 2800. బిల్లు మీద తేదీ 20. ఆదివారం అని ఒక ఫ్లాగు, 1500 దాటిందని ఇంకోటి. శుక్ర, శనివారాలు రెండూ నేను డాక్టర్ల దగ్గర తిరిగిన రోజులే. వాళ్ళు ఇలా కోత పెట్టొచ్చా?

సుబ్బారావు

నాగేంద్ర గారూ, కోత పెట్టొచ్చా లేదా అన్నది మీ హెచ్‌ఆర్‌ని అడగాలి, నేను చెప్పలేను. కానీ ఆ రెండు ఫ్లాగులూ తప్పే. రాత్రికి 1400 పడింది, లిమిట్ లోపలే. లాడ్జి బిల్లు మీద ఉండేది ఖాళీ చేసిన తేదీ, ఉన్న తేదీ కాదు. పద్మ గారూ, మీకూ ఇది వస్తుంది. లాడ్జి బిల్లులకి దిగిన తేదీ, రాత్రుల సంఖ్య విడిగా రెండు కాలమ్స్ పెట్టండి. మొత్తాన్ని రాత్రులతో భాగించి లిమిట్‌తో పోల్చండి. సెలవు తనిఖీకి ఖాళీ చేసిన తేదీ వాడకండి.

కిరణ్

IFERROR వెనక్కి తీసుకుంటున్నాను, సుబ్బారావు గారు చెప్పింది అర్థమైంది. ఒక సందేహం. భోజనం బిల్లులో యాప్ ఏ మొత్తం తీసుకుంటుంది? 580 భోజనానికి సీజీఎస్టీ 14.50, ఎస్‌జీఎస్టీ 14.50 కలిపి 609 అవుతుంది. కొన్ని బిల్లులకి యాప్ 580 ఇస్తుంది, కొన్నిటికి 609.

సుబ్బారావు

మంచి ప్రశ్న. సబ్ టోటల్, పన్నులు, గ్రాండ్ టోటల్ మూడూ తీయమని యాప్‌లో పెట్టుకుని, కూడితే సరిపోతోందో లేదో చూడండి. రూపాయి లోపు తేడా రౌండ్ ఆఫ్ వల్ల వస్తుంది, దాన్ని వదిలేయొచ్చు. అంతకు మించితే CHECK. ఇక 600 అన్నది పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది ఫార్ములా చెప్పదు, పాలసీ రాసినవాళ్ళే చెప్పాలి.

పద్మ

నోట్‌ప్యాడ్‌లో చూశాను, తేదీలు సరిగ్గానే ఉన్నాయి, తిరగేసింది ఎక్సెల్లే. మళ్ళీ తెరిచి మీ ఫార్ములా పెడితే శనివారం గోల పోయింది. CHECK లో మిగిలినవి చాలావరకు అచ్చు వెలిసిపోయిన బిల్లులే, వాటి ఫోటోలు ఒక్కొక్కటీ తెరుస్తున్నాను. పన్ను సంగతి మా మేనేజర్ గారిని అడిగితే, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదని, సోమవారం చెబుతానని అన్నారు.

ఇంకొక్కటి అడగనా? మాచర్లలో ఒకే రోజు, ఒకే హోటల్‌లో, ఒకే మనిషి పేరు మీద 420, 390 అని రెండు బిల్లులున్నాయి. విడివిడిగా రెండూ 600 లోపే.

సుబ్బారావు

మీ లిమిట్ రోజుకు కదా, బిల్లుకు కాదు. ఫార్ములాలో లిమిట్‌తో పోల్చేచోట మాత్రం E2 బదులు ఆ మనిషి, ఆ తేదీ, ఆ రకం ఖర్చు మొత్తం SUMIFS తో కూడి పోల్చండి. 810 వస్తుంది, ఫ్లాగు పడుతుంది. కానీ అది మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటా, ఇద్దరు తిన్న ఒకే భోజనమా అన్నది బిల్లు మీద టైము చూసి ఆయన్నే అడగండి. ఇంకెవరైనా గ్రూపు భోజనాలకి ఏం చేస్తున్నారో రాయండి. ఒకే బిల్లు మీద నలుగురు తింటే తలా ఎంత అని పంచడానికి నాకూ ఇంతవరకు నచ్చిన దారి దొరకలేదు.