ప్రమోషన్ మీద పక్క డిపార్ట్‌మెంటుకి వెళ్తున్న బాస్‌కి వీడ్కోలు చెప్పాలా, అభినందనలతో సరిపెట్టాలా?

నైట్‌షిఫ్ట్: మా మేనేజర్ గారికి ప్రమోషన్ వచ్చి కొనుగోళ్ల విభాగానికి వెళ్తున్నారు. అదే కంపెనీ, రెండంతస్తులు పైన. శుక్రవారం టీం తరఫున రెండు ముక్కలు నన్ను మాట్లాడమన్నారు. "మిమ్మల్ని మిస్ అవుతాం" అంటే అతిగా ఉంటుందా?

సూటిమాట: అతిగానే ఉంటుంది మరి. రేపు లిఫ్టులో కనబడే మనిషికి వీడ్కోలేంటండీ. కంగ్రాట్స్ చెప్పి కేక్ కోయించండి, అయిపోయింది.

మూడోబెంచీ: రిటైరయ్యేవాళ్ళకి "ఇకనైనా విశ్రాంతి తీసుకోండి" అంటే బాగుంటుంది, మా పెద్దాయనకి నేను అదే చెప్పా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

నైట్‌షిఫ్ట్: రిటైర్ అవ్వట్లేదండీ బాబూ, ప్రమోషన్!

పాతకాపు: సూటిమాట గారు సగం కరెక్టు. మనిషి వెళ్ళిపోవట్లేదు కాబట్టి "ఎక్కడున్నా బాగుండాలి", "మమ్మల్ని మర్చిపోకండి" లాంటివి నిజంగానే నవ్వులాటగా ఉంటాయి. కానీ ఒకటి మాత్రం అయిపోతోంది. సోమవారం నుంచి సెలవు అడగాల్సింది ఆయన్ని కాదు, క్లయింట్ అరిస్తే ముందు నిలబడేది ఆయన కాదు. వీడ్కోలు దానికి. ఉత్త కంగ్రాట్స్‌తో వదిలేస్తే ఆ పోస్టుని పొగిడినట్టే, ఇన్నాళ్ళూ మీతో చేసిన పనిని కాదు. "మిస్ అవుతాం" అనొచ్చు, ఏది మిస్ అవుతారో కూడా చెబితే.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటివి చాలా చూశాను. తేడా కొట్టేది ఎక్కువగా ఒక్కచోటే: మాట్లాడేవాడు ఆయన ఒక్కడే వింటున్నాడనుకుంటాడు. కొత్తగా వచ్చే మేనేజర్ కూడా అదే గదిలో ఉంటారు కదా.

గోడమీదపిల్లి: ఇది నాకు అనుభవం. "మీలాంటి బాస్ మాకు మళ్ళీ దొరకరు" అన్నా, అందరూ చప్పట్లు కొట్టారు, పక్కన కూర్చున్న కొత్తాయన కూడా కొట్టాడు. తర్వాత చాన్నాళ్ళు నేనేం అడిగినా "మీ పాత సార్ అయితే ఏం చేసేవారో" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, అదే బాధ.

నైట్‌షిఫ్ట్: అమ్మో. నేను రాసుకున్నది ఇదీ, చూడండి: "సార్, మీరు మాకు బాస్ మాత్రమే కాదు, అన్నలాంటివారు. మీ నాయకత్వంలో ఎంతో నేర్చుకున్నాం. మీరు లేని లోటు తీరనిది. ఇక మా కొనుగోలు ఫైళ్ళు పైన త్వరగా పాస్ అవుతాయని ఆశిస్తున్నాం!" చివరిది జోక్.

పాతకాపు: ముందు ఆ జోక్ తీసేయండి. రేపు మీ ఫైలు నిజంగానే తొందరగా పాస్ అయిందనుకోండి, ఆ గదిలో ఉన్న ఎవరో ఒకరికి ఇది గుర్తొస్తుంది. ఆయన మీ ఫైలు వెనక్కి పంపాలన్నా ఇబ్బందే. "లోటు తీరనిది" అనేది పోయినవాళ్ళకి చెప్పే మాట, అదీ వద్దు. "ఎంతో నేర్చుకున్నాం" ఎవరికైనా అతుకుతుంది. ఏం నేర్చుకున్నారు? ఒక్క సంఘటన చెప్పండి.

నైట్‌షిఫ్ట్: ఒకటుంది. పోయినేడు నేను తప్పు ధరల పట్టిక క్లయింట్‌కి పంపేశా. ఆయన నా పేరు ఎత్తకుండా "మా టీం తప్పు" అని తనే ఫోన్ చేసి మాట్లాడారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పంపేముందు చూసుకోవాల్సినవి కాగితం మీద రాయించారు. ఆ కాగితం ఇప్పటికీ నా డెస్క్ మీద ఉంది.

పాతకాపు: ఇంకేం కావాలి! ఇలా చెప్పండి: "సార్, పంపేముందు చూసుకోమని మీరు రాయించిన కాగితం ఇంకా నా డెస్క్ మీదే ఉంది. తప్పు జరిగిన రోజు మీరు ముందు క్లయింట్‌తో మాట్లాడారు, తర్వాతే నాతో. ఆ వరస నాకు గుర్తుంటుంది. ప్రమోషన్‌కి అభినందనలు. సోమవారం నుంచి మీ తలుపు తట్టే అలవాటు మానుకోవడం కష్టమే, కానీ మీరు నేర్పిన పద్ధతి కొత్త మేనేజర్ గారి దగ్గర కొనసాగిస్తాం." నిమిషం కూడా పట్టదు. కొత్తాయనకీ గౌరవం దక్కింది.

సూటిమాట: ఒప్పుకుంటా, బాగుంది. కానీ పెద్దవాళ్ళ ముందు తన తప్పు తనే బయటపెట్టుకోవడం తెలివైన పనేనా? ఆరోజు బాస్ ఇతని పేరు దాచారు కదా. ఇప్పుడిది చెబితే ఆయన దాచిన సంగతీ బయటపడుతుంది.

పాతకాపు: అది నిజమే, ఆలోచించలేదు. గదిలో పైవాళ్ళుంటే తప్పు ఊసెత్తకుండా కాగితం సంగతి మాత్రం చెప్పి, మిగతాది కార్డులో రాయండి. కార్డు ఆయనొక్కరే చదువుతారు.

గోడమీదపిల్లి: కార్డు ఒక్కరే చదవడమా? మా ఆఫీసులో సంతకాలకి టీం మొత్తం తిరిగొస్తుంది!

నైట్‌షిఫ్ట్: అయితే ఆయనకి విడిగా మెసేజ్ పెడతా. లేదా ముందే ఆయన్నే అడిగేస్తా, చెప్పొచ్చా అని. అడిగితే వద్దంటారేమో, అదే టెన్షన్.