రేపటికల్లా ముగ్గురు రిఫరెన్సులు కావాలట, బ్యాక్‌గ్రౌండ్ చెక్ లింకు కూడా వస్తుందట. ముందు ఏం చేయాలి?

కొత్తగా వచ్చినవాడు

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి ఏడు నెలలైంది. ఒక కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండి క్లయింటు దగ్గర పనిచేస్తున్నాను. ఇప్పుడు వేరే కంపెనీ నుంచి ఫుల్‌టైమ్ ఆఫర్ వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ క్లియర్ అయితేనే అని అందులో రాశారు. రేపు సాయంత్రానికల్లా ముగ్గురి పేర్లు, నంబర్లు పంపమని రిక్రూటర్ అడుగుతున్నారు. ఇండియాలో రెండు కంపెనీల్లో చేశాను, మొదటిది మూతపడింది. పాత మేనేజర్లకు ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు పేర్లు పంపేసి తర్వాత చెప్పొచ్చా?

హెచ్ఆర్ అక్క

తమ్ముడూ, ముందు వాళ్ళని అడుగు. సరే అన్నాకే పేర్లు పంపు. రిక్రూటర్‌కి ఈ రాత్రే ఒక ముక్క రాసెయ్: "వాళ్ళు ఇండియాలో ఉన్నారు, మాట్లాడి గురువారం ఉదయం పంపుతాను" అని. ఏ రోజు పంపుతావో స్పష్టంగా చెబితే ఒక్కరోజు ఆగడానికి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఏమీ చెప్పకుండా గడువు దాటితేనే చిరాకు పడతారు.

నిన్ను అడుగుతున్నవి రెండు వేర్వేరు పనులు, వాటిని కలిపేయకు. రిఫరెన్స్ అంటే నీతో పనిచేసిన మనిషి నీ పని గురించి చెప్పే మాట. వెరిఫికేషన్ అంటే బయటి ఏజెన్సీ నీ పాత కంపెనీ హెచ్ఆర్‌ని చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా అడిగి నువ్వు రాసినదానితో సరిచూడటం. మొదటిదానికి మనుషుల్ని సిద్ధం చేయాలి, రెండోదానికి కాగితాల్ని.

మేనేజర్‌కి ఇలా రాయి: "సర్, ఒక కంపెనీలో డేటా ఇంజినీర్ ఉద్యోగానికి మీ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వాలనుకుంటున్నాను, మీకు ఇబ్బంది లేకపోతేనే. 2021 జూన్ నుంచి 2023 ఆగస్టు దాకా మీ టీమ్‌లో ఉన్నాను. బిల్లింగ్ డేటాని కొత్త వేర్‌హౌస్‌కి మార్చిన పని మీ కిందే చేశాను. వచ్చే వారం అమెరికా నంబర్ నుంచి కాల్ గానీ మెయిల్ గానీ రావచ్చు. మీకు ఏ సమయం వీలు? ఏ నంబర్, ఏ మెయిల్ ఇవ్వమంటారు?"

తేదీలు ఎందుకు రాయాలంటే, ఆయన కింద ఇరవైమంది పనిచేసి ఉంటారు. "రెండు మూడేళ్ళు చేశాడనుకుంటా" అని ఆయన అంటే, ఫారంలో నువ్వు రాసిన దానికి అది పొసగదు. ప్రాజెక్టు పేరు కూడా అందుకే. అది గుర్తుచేయకపోతే "మంచి కుర్రాడు" అని ఊరుకుంటారు, ఆ మాట ఎవరికీ ఉపయోగపడదు. ఇక సమయం సంగతి. వేసవిలో న్యూయార్క్ వైపు ఉదయం 11 అంటే ఇండియాలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. తెలియని విదేశీ నంబర్ ఆ వేళ మోగితే ఎవరూ ఎత్తరు. చాలామంది రిక్రూటర్లు ఫోన్ బదులు ఆన్‌లైన్ ఫారం లింకు పంపుతారు, అది స్పామ్‌లో పడుతుంది. పంపిన రోజున "ఈరోజు వచ్చి ఉంటుంది, స్పామ్ కూడా చూడండి సర్" అని ఇంకో మెసేజ్ పెట్టు.

ఆయన జవాబులో తటపటాయింపు కనిపిస్తే ఆ పేరు వదిలెయ్. మొహమాటంతో ఒప్పుకున్నవాళ్ళు ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడతారు, అవతలివాళ్ళకు అది తెలిసిపోతుంది.

పాతికేళ్ళుగా ఇక్కడే

దీనికి అంత హైరానా అక్కర్లేదు బాబూ. ఇక్కడి చట్టం ప్రకారం పాత కంపెనీ తేదీలు, హోదా తప్ప ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు. జీతం కూడా అమెరికాలో ఎక్కడా అడగకూడదు. నువ్వు చూసుకోవాల్సింది ఒక్కటే: ఇంటర్వ్యూకి ముందే రిఫరెన్సులు అడిగే రిక్రూటర్లకు ఇవ్వకు. ఆ మేనేజర్ల నంబర్లు పట్టుకుని "మీ దగ్గర ఖాళీలున్నాయా" అని వాళ్ళకే ఫోన్లు చేస్తారు.

వెరిఫికేషన్ డెస్క్

పెద్దాయన గారూ, చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఈ అబ్బాయికి ఆఫర్ వచ్చాకే అడిగారు కాబట్టి ఇవ్వొచ్చు. మొదటి రెండూ సరికాదు. తేదీలే చెప్పాలని ఫెడరల్ చట్టమేమీ లేదు. దావా పడుతుందన్న భయంతో చాలా కంపెనీలు సొంతంగా పెట్టుకున్న నియమం అది. హెచ్ఆర్ పాటిస్తుంది, మేనేజర్ సెల్‌ఫోన్‌కి చేస్తే ఆయన మనసులో ఉన్నది చెప్పేస్తాడు. పాత జీతం అడగకూడదన్నది రాష్ట్రాల చట్టం. కాలిఫోర్నియాలో 2018 నుంచి, న్యూయార్క్ రాష్ట్రంలో 2020 నుంచి ఉంది. అన్నిచోట్లా లేదు.

నేను ఇటువంటి ఫైళ్ళు చూసే పనిలో ఉన్నాను. మనవాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. ఈమధ్య వచ్చిన ఒక ఫైలు చెబుతాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, తర్వాత మూడు ముక్కల పేరు. ఇండియా కంపెనీ రికార్డులో ఇంటిపేరు, ముందు రెండు ముక్కలు పొడి అక్షరాలు, చివరి ముక్క ఒక్కటే పూర్తిగా. ఏజెన్సీ పాస్‌పోర్టు పేరుతో అడిగింది, అక్కడి హెచ్ఆర్ "ఇలాంటివారు మా దగ్గర లేరు" అని రాసింది. పైగా ఫారంలో మానేసిన నెల మార్చి అని ఉంది, రిలీవింగ్ లెటర్‌లో మే. అతను రాజీనామా ఇచ్చిన నెల రాశాడు, నోటీసు పీరియడ్ రెండు నెలలు వదిలేశాడు. అబద్ధం ఒక్కటీ లేదు, అయినా రిపోర్టులో రెండు తేడాలు పడ్డాయి.

దీనికి మందు ఫారంలోనే ఉంది. "ఇతర పేర్లు" అనే గడి ఉంటుంది, కంపెనీ రికార్డులో నీ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అక్కడ రాయి. ఎంప్లాయీ ఐడీ తప్పకుండా ఇవ్వు, దానితో వెతికితే పేరు గొడవే రాదు. తేదీలు జ్ఞాపకం నుంచి రాయొద్దు. రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని చివరి పనిదినం రాయి. హోదా కూడా లెటర్‌లో ఉన్నదే రాయి, లింక్‌డ్‌ఇన్‌లో పెట్టుకున్నది కాదు.

కాన్సులేట్ లైన్‌లో

బ్యాక్‌గ్రౌండ్ చెక్ అంటే ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ తెచ్చుకోవాలి కదా? నేను వేరే దేశం ఇమిగ్రేషన్ కోసం అప్లై చేసినప్పుడు వారాలు పట్టింది. ఇప్పుడే మొదలుపెట్టు.

హెచ్ఆర్ అక్క

అది ఇమిగ్రేషన్‌కి అండీ, ఇది వేరు. ఇక్కడ ఏజెన్సీయే కోర్టు రికార్డులు చూసుకుంటుంది. వాళ్ళు అడగకపోతే పోలీస్ సర్టిఫికెట్ జోలికి వెళ్ళొద్దు.

పాతికేళ్ళుగా ఇక్కడే

ఇప్పటి ఉద్యోగం దగ్గర మాత్రం క్లయింటు పేరే రాయమని నా సలహా. పెద్ద కంపెనీ, ఫోన్ చేస్తే ఎత్తుతారు. కన్సల్టెన్సీ పేరు ఎవరికి తెలుసు?

వెరిఫికేషన్ డెస్క్

వద్దు సర్, ఆ సలహాతోనే ఫైళ్ళు పాడవుతాయి. క్లయింటు హెచ్ఆర్‌ని అడిగితే వాళ్ళ జీతాల జాబితాలో ఇతను ఉండడు, "మా ఉద్యోగి కాదు" అంటారు. ఏడాదికోసారి జీతం, పన్ను చూపిస్తూ ఇచ్చే W-2 ఫారం మీద ఎవరి పేరు ఉంటుందో వాళ్ళే ఎంప్లాయర్. కన్సల్టెన్సీ పేరు ఎంప్లాయర్ గడిలో రాసి, చేసే పని వివరంలో ఫలానా క్లయింటు దగ్గర అని రాస్తే రెండూ నిజమవుతాయి.

ఆ వరసలోనే "ఈ ఎంప్లాయర్‌ని సంప్రదించవచ్చా" అని ఒక ప్రశ్న ఉంటుంది. ఇప్పటి కంపెనీకి "వద్దు" అని పెట్టు. అలా పెట్టడం తప్పు కాదు, పే స్టబ్‌లు, W-2 అడుగుతారు అంతే. అయితే కన్సల్టెన్సీ తన పేరోల్ వివరాలు The Work Number అనే ఉద్యోగ రికార్డుల డేటాబేస్‌కి ఇస్తుంటే ఏజెన్సీ అక్కడే చూసుకోవచ్చు. నీ గురించి అందులో ఏముందో నువ్వు ఉచితంగా తెప్పించుకోవచ్చు. ముందే చూసుకో, తేదీ తప్పుంటే అక్కడే తెలుస్తుంది.

కొత్తగా వచ్చినవాడు

అక్కకీ డెస్క్ అన్నకీ చాలా థాంక్స్. ఇద్దరు మేనేజర్లకు మెసేజ్ పెట్టాను, ఒకరు అప్పుడే సరే అన్నారు. మూతపడిన కంపెనీ సంగతేంటి? రిలీవింగ్ లెటర్ ఉంది కానీ అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. పీఎఫ్ పాస్‌బుక్ తీద్దామంటే ఓటీపీ ఇండియా నంబర్‌కి వెళ్తోంది, ఆ సిమ్ ఆగిపోయింది.

వెరిఫికేషన్ డెస్క్

మూతపడిన కంపెనీకి కాగితాలే సాక్ష్యం. ఏజెన్సీ పోర్టల్‌లో "కంపెనీ మూతపడింది" అని కామెంట్ రాసి అప్‌లోడ్ చెయ్. లెటర్ ఒక్కటే చాలదు, దాన్ని ఎవరైనా తయారుచేసుకోవచ్చని ఏజెన్సీ అనుకుంటుంది. కంపెనీ చేతిలోనూ నీ చేతిలోనూ లేని రికార్డు కావాలి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అందుకే మంచిది. దానికి దారి లేకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో Form 26AS తియ్యి. పన్ను కోసి ఉంటే కంపెనీ పేరు, ఏ తేదీల్లో కోశారో అందులో ఉంటాయి. దానికి తోడు చేరిన నెల, చివరి నెల జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీలు పెట్టు. మిగతా ఖర్చుల వరసలు నల్లగా కప్పేయొచ్చు, కంపెనీ పేరు, తేదీ, నీ పేరు కనిపిస్తే చాలు.

సిమ్ తిరిగి తెరిచాక పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ ఉందో లేదో చూడు. పాత కంపెనీ అది నమోదు చేయకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది. చివరి జమ అయిన రెండు నెలల తర్వాత సభ్యుడే దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు.

పాతికేళ్ళుగా ఇక్కడే

ఇంత చేసినా రిపోర్టులో తేడా వచ్చిందనుకో, ఆఫర్ పోయినట్టే కదా?

హెచ్ఆర్ అక్క

పోయినట్టు కాదు. రిపోర్టు చూసి ఆఫర్ వెనక్కి తీసుకోవాలనుకుంటే, నిర్ణయానికి ముందే ఆ రిపోర్టు కాపీ, హక్కుల పత్రం ఇవ్వాలని ఇలాంటి రిపోర్టుల మీద ఉన్న ఫెడరల్ చట్టం FCRA చెబుతుంది. చాలా కంపెనీలు ఆ తర్వాత ఐదు పనిదినాలు ఆగుతాయి, కానీ ఐదు అనే అంకె చట్టంలో లేదు. అందుకే ఆ మెయిల్ వచ్చిన రోజే రెండు మెయిళ్ళు వెళ్ళాలి. ఏజెన్సీకి డిస్ప్యూట్, లెటర్ జతచేసి. రిక్రూటర్‌కి "డిస్ప్యూట్ పెట్టాను, ఆధారం ఇదిగో" అని. ఏజెన్సీకి మళ్ళీ విచారించడానికి మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది, రిక్రూటర్ అంతకాలం ఆగరు, కాబట్టి ఆధారం ఆయన కళ్ళముందు ఉండాలి. డెస్క్ తమ్ముడు చెప్పిన ఆ ఫైలు ఏమైంది చివరికి?

వెరిఫికేషన్ డెస్క్

ఎంప్లాయీ ఐడీతో మళ్ళీ అడిగితే మూడో రోజు హెచ్ఆర్ ఒప్పుకుంది. నెల తేడా రిపోర్టులో అలాగే ఉంది, కానీ నోటీసు పీరియడ్ అని అతను రాసిచ్చాక కంపెనీ తీసుకుంది.

కొత్తగా వచ్చినవాడు

మూడో రిఫరెన్స్‌గా ఇప్పటి క్లయింటు మేనేజర్‌ని పెట్టనా? నా పని బాగా తెలిసింది ఆయనకే.

పాతికేళ్ళుగా ఇక్కడే

పెట్టు. ఆయన నీకు జీతం ఇవ్వడు, భయమెందుకు?

హెచ్ఆర్ అక్క

నేనైతే వద్దంటాను. ఆయన కన్సల్టెన్సీతో రోజూ మాట్లాడతాడు, కాల్ వచ్చిన సాయంత్రమే విషయం అటు చేరుతుంది. ఇండియాలో నీతో పనిచేసిన సీనియర్ ఎవరైనా ఉంటే వాళ్ళని అడుగు. అన్నీ క్లియర్ అయి, చేరే తేదీ చేతికొచ్చేదాకా రాజీనామా మాట ఎత్తకు.

వెరిఫికేషన్ డెస్క్

క్లయింటు మేనేజర్ నోరు జారడనే నమ్మకం ఉంటే ఆయన మాటకు ఉన్న బరువు పాత సీనియర్‌కి ఉండదు అక్కా. ఆయన ఎలాంటి మనిషో ఈ అబ్బాయికే తెలియాలి.